బాపు తలమీది ఎండ

"నలుపంటే నలుపే. గంత చదువుకున్నవ్, ఒక్క మాట తలకెక్కదా బిడ్డా?" అంటూ గంగాబాయి పెనం మీది జొన్నరొట్టెను తిరగేసింది.

"నువ్వు నూరుసార్లు చెప్పినా తెల్లది నలుపెట్ల అయితదవ్వా? బాపు తల తెల్లగుండె. నేను శుక్రారం శుక్రారం చూసిన గద."

"నువ్వు చూసినవ్. నేను చూడలే."

మూడు రోజులుగా ఆ ఇంట్లో ఇదే గొడవ. రొట్టె మాడుతున్నా, పాలు పొంగుతున్నా, పదకొండు నెలలు దాటిన పసిపిల్ల చిట్టి సోఫా కింద దూరి చెప్పు నోట్లో పెట్టుకున్నా, మాట తిరిగి తిరిగి అక్కడికే వచ్చి ఆగుతోంది. దోహాలోని ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ప్రాంతంలో పెద్ద విల్లాను నాలుగు భాగాలుగా కోసి అద్దెకిస్తే, అందులో ఒక భాగం వీళ్ళది. వంటగదిలో ఇద్దరు నిలబడితే మూడో మనిషి గడప బయటే ఉండాలి. ఆ గడప బయట తిరుమల్ టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు.

"అత్తమ్మా, మా గోదాంల ఫోర్క్‌లిఫ్ట్‌లు ఎదురుపడితే గూడ ఒకటి ఎనకకు పోతది. మీ ఇద్దరిల ఎవ్వరు పోరా?"

"నీ పెండ్లాన్ని పొమ్మను అల్లుడా. నాకు ఎనకకు పోయే వయసు గాదు."

విజయరాణికి నవ్వు రాలేదు. వచ్చే బుధవారం ఊళ్ళో తండ్రి ఏడాది మాసికం. దానికోసం ఈ ఆదివారమే తల్లి విమానం ఎక్కాలి. నిర్మల్ దగ్గర ఊళ్ళో గోడకు పెట్టే పెద్ద ఫొటో ఇక్కడే తయారై, తల్లి పెట్టెలో చీరల మధ్య ప్రయాణం చేయాలి. ఫొటో పని విజయరాణిదే. దోహాలోనే ఉమ్ ఘువైలినాలో ఒక ఫొటో స్టూడియోలో ఎనిమిదేళ్ళుగా ఆమె చేస్తున్నది ఆ పనే.

బొమ్మ ఏదో తేలిపోయింది. తండ్రి మల్లన్న చనిపోవడానికి రెండు నెలల ముందు, ఒక శుక్రవారం తిరుమల్ అందరినీ సముద్రపు ఒడ్డున ఉన్న అల్ రువైస్ తీసుకెళ్ళాడు. చేపల పడవలు ఆగే చోట, రేకుల నీడలో నిలబెట్టి విజయరాణే తీసింది. ఎవరో పిలిస్తే ఇటు తిరిగినట్టు, మూతి విప్పకుండా నవ్వుతూ మల్లన్న. సముద్రపు గాలికి లేచిన తెల్లటి జుట్టు. అంత మంచి ఫొటో ఆయనది ఇంకొకటి లేదు. వెనక పెట్టాల్సిన దృశ్యం కూడా తేలిపోయింది. పొద్దుగూకే వేళ వాళ్ళ పసుపు చేనును తమ్ముడు చిరంజీవి ఫోన్‌లో తీసి పంపాడు. తేలనిది ఆ జుట్టు రంగొక్కటే.

"తమ్ముడు గూడ నల్లగనే అంటున్నడు," అంది గంగాబాయి, రొట్టెను గుడ్డలో చుడుతూ. "పెట్టె తెరిచిననాడు ఊరోళ్ళు ఏమన్నరో వాడు విన్నడు. మల్లన్న గింత ముసలోడు ఎప్పుడైండు అన్నరు."

పెట్టె అంటే ఖతర్ నుంచి మల్లన్న శవం ఊరు చేరిన పెట్టె. డ్యూటీ నుంచి వచ్చి లేబర్ క్యాంపులో పడుకున్న మనిషి పడుకున్నట్టే పోయాడు. అప్పటికి విజయరాణి ఆపరేషన్ అయి చిట్టిని కని పది రోజులు. బిడ్డకు పాస్‌పోర్ట్ లేదు. శవం వెంట తిరుమల్ ఒక్కడే వెళ్ళాడు. తండ్రి ఇల్లు చేరడం ఆమె ఫోన్ తెరమీద చూసింది, అది కూడా మధ్యలో ఆగిపోతూ.

ఆమె దాచుకున్న సంగతి ఇంకొకటి ఉంది.

మల్లన్నకు రెండేళ్ళకోసారి సెలవు. సెలవుకు ముందు వచ్చే శుక్రవారం ఆయన క్యాంపు నుంచి బస్సెక్కి కూతురింటికి వచ్చేవాడు. జేబులో రంగు పొడి పొట్లాలు రెండు. బాత్రూంలో బకెట్ బోర్లించి దాని మీద కూర్చునేవాడు. విజయరాణి ఆయన నుదుటికీ చెవులకీ వాజలీన్ రాసి, భుజాల చుట్టూ పాత తువ్వాలు చుట్టి, పళ్ళు తోమే పాత బ్రష్షుతో పాయ పాయకూ రంగు పెట్టేది. "చెవెనక చూడు బిడ్డా, అక్కడ మీ అవ్వ కన్ను పడ్తది," అనేవాడు. ఆరే వరకు కదలకుండా, పెళ్ళిచూపులకు పోయే పిల్లాడిలా కూర్చునేవాడు. కడిగి అద్దంలో చూసుకుని ఒకే మాట చెప్పేవాడు. "మీ అవ్వకు చెప్పకు. దుబాయ్ నన్ను ముసలోన్ని జేసి పంపిందని ఏడుస్తది." ఖతర్‌లో ఇరవై రెండేళ్ళున్నా, ఇంటివాళ్ళ నోట్లో ఉన్న దుబాయ్ అనే మాటనే ఆయనా వాడేవాడు.

చెప్పనని ఆమె ఒట్టేసింది. అందుకే ఇప్పుడు తల్లితో వాదించడానికి సగం మాటలే ఉన్నాయి. మిగతా సగం బాత్రూంలోనే ఉండిపోయాయి.

తల్లి దోహాలో దిగిన రోజు విజయరాణి ఎయిర్‌పోర్టులోనే ఏడ్చేసింది. ఏడాది కిందటి దాకా నల్లగా నూనె రాసి ముడి వేసుకునే తల్లి, ఆ తర్వాత ఫోన్‌లో కొంగు కప్పుకునే కనిపించిన తల్లి, తల ముగ్గుబుట్టలా తెల్లబడి సామాన్ల బండి తోసుకుంటూ వచ్చింది. దుఃఖం మనిషిని ఇంత తొందరగా తెల్లగా చేస్తుందా అనుకుంది. తండ్రి కోసం ఆ తల అలా అయిపోతే, ఆయన తలకు ఉన్న తెలుపును ఆమె ఎందుకు ఒప్పుకోదో అర్థం కాలేదు.

"సరే అవ్వా," అంది చివరికి, విల్లా పక్క భాగంలోని పిల్లలు ఎక్కే స్కూలు బస్సు హారన్ వినిపించి, టైమైందని గుర్తొచ్చి. "నల్లగనే జేస్త. సాయంత్రం తెచ్చి చూపిస్త. పిల్లకు అన్నం మెత్తగ పిసికి పెట్టు."

గెలిచినా గంగాబాయి ముఖంలో గెలుపు లేదు. "మెత్తగనే పెడ్త. నిన్ను పెంచలేదా?" అంది.

స్టూడియో ఒక దర్జీ కొట్టుకూ టీ కొట్టుకూ మధ్యన ఉంటుంది. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది వీసా ఫొటోలకే వస్తారు. తెల్ల తెర, రెండు చెవులూ కనపడాలి, నవ్వకూడదు. నెలకు రెండు మూడు మాత్రం వేరే రకం పనులు. క్యాంపు నుంచి ఎవరో ఒకరు వచ్చి ఫోన్ చాపుతారు. అందులో పోయినవాడి బొమ్మ. కోటు తొడగమంటారు, తల దువ్వమంటారు, వెనక పూలతోట పెట్టమంటారు. విజయరాణి అందరికీ తొడిగింది, అందరికీ దువ్వింది. వాడు బతికుండగా కోటు వేసుకున్నాడా అని ఏనాడూ అడగలేదు.

ఆ రోజు గిరాకీ పలచగా ఉంది. ఆమె తండ్రిని తెరమీద పెట్టుకుని కూర్చుంది.

రేకుల నీడ నుంచి ఆయనను విడదీయడం పొద్దున్నే అయిపోయింది. జుట్టే కష్టం. తెల్ల వెంట్రుకల మీద ఉత్త రంగు పొర వేస్తే నల్లబడదు. కింద ఉన్న వెలుతురు అలాగే ఉండి, తల బూడిద పూసినట్టు తేలుతుంది. అందుకని ముందు జుట్టు వరకే వెలుతురు దించింది. మరీ దించితే పోగులన్నీ కలిసి తారుముద్ద అవుతుంది. పోగుకూ పోగుకూ తేడా మిగిలేట్టు చూసుకుంటూ దించి, పైన కొంచెం గోధుమ కలిసిన నలుపు వేసింది. చుట్టూ సన్నగా తెల్లటి అంచు మిగిలింది. పాత జుట్టు చివరలు. అంచును ఒకటి రెండు చుక్కల మందాన లోపలికి జరిపి ఆ తెలుపును కోసేసింది. తర్వాత పసుపు చేను తెచ్చి వెనక పెట్టింది.

కెమెరా పని చూసే ఉమేరా చాయ్ తాగుతూ వెనక నిలబడింది. ఆమెది హైదరాబాద్, సంతోష్‌నగర్.

"అక్కా, బురా మత్ మానో, ఏమనుకోకు. టోపీ పెట్టినట్టుంది."

"నాకూ కనవడ్తుంది."

"మీ నాన్న ఇక్కడ, పొలం అక్కడ. మధ్యల కత్తెర కనిపిస్తుంది చూడు."

నిజమే. చేనులో పొద్దు ఎడమ పక్కన, మనిషి వెనక, నేలకు జానెడు ఎత్తులో ఉంది. ఆకులన్నిటికీ అంచున నారింజ గీత ఉంది. మల్లన్నను తీసింది నీడలో. ఆయన మీద ఏ పక్క నుంచీ ఎండ లేదు. కొత్తగా నల్లబడిన తల ఆ వెలుగును పట్టించుకోకుండా, గోడకు అంటించిన కాగితంలా నిలబడింది.

పొద్దు పక్కనున్న ఆకాశం నుంచే రంగు తీసుకుంది విజయరాణి. జుట్టు మీద ఇంకో లేయర్ వేసి, కింది దాన్ని కప్పేయకుండా దానికి వెలుగు కలిపేలా పెట్టింది. సన్నని బ్రష్షుతో, వెంట్రుక ఏ వైపు పోతుందో ఆ వైపే గీతలు లాగింది. ఎడమ చెవి పైన ఎక్కువ, నడినెత్తికి వచ్చేసరికి తక్కువ, కుడి పక్కకు అసలు లేదు. తలకే ఎండ తగిలి మనిషికి తగలకపోతే మళ్ళీ అబద్ధమే కాబట్టి చెవి అంచుకూ ఎడమ భుజానికీ కూడా కొంచెం ఇచ్చింది. ఆ లేయర్‌కే నకలు తీసి, బాగా మసక చేసి, ఉందా లేదా అనిపించేంత పలచన చేసి కలిపింది. ఆ మెరుపు చూసేవాళ్ళ కంటికి విడిగా ఆనకూడదు. తీసేస్తేనే ఏదో పోయిందని తెలియాలి.

అంతా కుదిరింది, గీతలు తప్ప. ఎంత సన్నగా గీసినా అవి గీసినవిగానే ఉన్నాయి. గాలికి లేచిన వెంట్రుకకు ఒక వంకర ఉంటుంది, అది చేతికి రాదు.

అప్పుడు ఆమె గీసినవి చెరిపేసి, తాను కోసేసిన అంచును తిరిగి తెరిచింది. సముద్రపు గాలికి లేచిన తెల్ల పోగులు వచ్చి కూర్చున్నాయి. ఎడమ పక్కన ఉన్నవాటి మీద నలుపు తీసేసి, వాటికే పొద్దు రంగు పలచగా పట్టించింది.

ఒక్కసారిగా ఆయన చేనులోకి వచ్చేశాడు.

ఉమేరా గ్లాసు బల్ల మీద పెట్టింది. "అబ్ దేఖో. ఇప్పుడు నిలబడ్డరు అక్కా, మీ నాన్న."

విజయరాణి చెవి పక్కను ఇంకొంచెం పెద్దది చేసి చూసింది. ఆ వెలుగంతా ఆయన తెల్ల వెంట్రుకలే. చెవి వెనక, నాలుగుసార్లు తన చేత్తో రంగు పెట్టి దాచిన చోటే, అవి మళ్ళీ పైకి వచ్చి నిలబడ్డాయి. "చెవెనక చూడు బిడ్డా" అన్న గొంతు గుర్తొచ్చింది. వీసా ఫొటోకు వచ్చిన నేపాలీ అబ్బాయి కౌంటర్ దగ్గర దగ్గేదాకా ఆమె లేవలేదు.

నలుపుదే పెద్ద కాగితం మీద నమూనా తీసింది. ఇంకా ఏమనుకుందో ఏమో, నలుపు లేయర్ ఆపేసి, ఎండ అలాగే ఉంచి, ఇంకొకటి కూడా తీసింది. రెండో దాన్ని సంచి అడుగున పెట్టుకుంది.

ఇల్లు చేరేసరికి హాల్లో గంగాబాయి చిట్టిని కాళ్ళ మీద పడుకోబెట్టి నూనె రాస్తోంది. విజయరాణి కాగితం విప్పి కిటికీ పక్కన పట్టుకుంది. తల్లి చీర కొంగుకు చేతులు తుడుచుకుని, ఒకసారి తుడిచింది చాలదని ఇంకోసారి తుడుచుకుని, దగ్గరికి వచ్చింది.

ముందు ఆకాశం మూలను చూసింది, తర్వాత చేనును.

"పొద్దు మన మోటబాయి దిక్కే కుంకుతుంది," అంది. "గా మూలకెల్లి మీ బాపు ఇంటికి వస్తుండె. ముందుగాల మనిషి నల్లగ కనవడ్తుండె, తల చుట్టు ఎండ కనవడ్తుండె. మొఖం కానరాకున్నా నేను గుర్తువట్టి పొయ్యి మీద నీళ్ళు పెడ్తుంటి." వేలు కాగితానికి తగలకుండా చెవి పక్కకు జరిపింది. "గిది ఎండేనా?"

ఔననబోయి విజయరాణి కాగితాన్ని తల్లికి ఇంకా దగ్గరగా జరిపింది.

"అవి బాపు ఎంటికలే అవ్వా. తెల్లయి. ఎండ రంగు వెట్టిన, అంతే." ఒట్టు వేయించుకున్న మనిషి లేడు. ఒట్టు మిగిలి ఏం చేస్తుంది అనుకుంది. "నీకు చెప్పద్దన్నడు. ప్రతి సెలవుకు ముందు నేనే రంగేసి పంపిన. నాలుగుసార్లు. అంతకు ముందు క్యాంపుల ఎవరో ఏసేటోళ్ళు."

తిడుతుందనుకుంది. గంగాబాయి నేల మీద కూర్చుంది.

"తలకింది మెత్తల గలీబులు ఎవరు ఉతికిండ్రనుకున్నవ్ బిడ్డా?"

"గలీబులేందవ్వా?"

"వచ్చిన వారానికి మెత్త మీద నల్ల మరక పడ్తుండె. మూడో వారానికి మొదట్ల తెల్లగ మొలుస్తుండె. నేను గలీబు మార్చి బాయికాడికి వట్టుకపోతుంటి. నాకు తెలుసని ఆయనకు తెలవద్దని." కొంగు చివర వేలికి చుట్టుకుంది. "ఆయన టికెట్ ఖరారైందని ఫోన్ జేసిననాడు నేను గూడ నిర్మల్ పోయి పొట్లం తెచ్చుకుంటుంటి."

"నువ్వా?"

"మరి? ఆయన నల్లగ వస్తే నేను తెల్లగ ఎదురుపోదునా? ఆయన పోయినంక ఏస్తలేను, అంతే. నువ్వేమో ఎయిర్‌పోర్టుల నన్ను చూసి ఏడిస్తివి, ఏడాదిల గిట్లయిందని. గిది ఏడాదిది గాదు బిడ్డా. పదేండ్లది."

చిట్టి నూనె కాళ్ళతో పాకుతూ వచ్చి అమ్మమ్మ ఒడిలో ఎక్కింది. విజయరాణి కూడా నేల మీదే కూర్చుంది. ఇరవై రెండేళ్ళలో అవ్వా బాపూ కలిసి ఉన్న నెలలు లెక్కేస్తే రెండేళ్ళు కూడా ఉండవు. ఆ నెలల్లో కూడా ఒకరి ముందొకరు ముసలివాళ్ళు కాలేదు.

"తెలిస్తే మరి ఎందుకవ్వా, నలుపు నలుపని మూడు రోజులు?"

"కొంచెం అనుకున్న. తల మొత్తం అనుకోలే." గంగాబాయి గొంతు తగ్గింది. "పెట్టె తెరిచినంక చూసిన. తెల్లటి బట్ట, తెల్లటి తల, మొఖం గూడ తెల్లగ. వేరేటోన్ని పంపిండ్రు, మా ఆయన ఆడనే ఉన్నడని కూలవడ్డ. తిరుమల్ ఆయన ఏలు మీది మచ్చ చూపిస్తే గప్పుడు నమ్మిన. అప్పటిసంది తెల్లతలంటే నాకు గా పెట్టెనే బిడ్డా. నువ్వు తెల్లది గోడకు పెడ్త అంటే, పెట్టె తెచ్చి గోడకు కొడ్తున్నవ్ అనుకున్న."

విజయరాణి ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత సంచిలో అడుగున ఉన్న రెండో కాగితం తీసి, మొదటిదాని పక్కన పరిచింది.

అదే నవ్వు, అదే చేను, అదే పొద్దు. ఈసారి తలంతా తెలుపు. ఎడమ పక్కన నారింజ వెలుగు పోగు పోగులో పట్టి, నెత్తి దాటి, కుడి పక్కకు వచ్చేసరికి మామూలు తెలుపులో కలిసిపోయింది. గాలి తగులుతున్నట్టే ఉంది.

గంగాబాయి వంగి చూసింది. చిట్టి కాగితం లాగబోతే చెయ్యి అడ్డం పెట్టింది. చూస్తూ చూస్తూ తన తలమీది కొంగు వెనక్కి జారినా సర్దుకోలేదు.

"గిది పెట్టెలోని తెలుపు గాదు," అంది తనలో తాను.

తిరుమల్ డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతుండగా చిరంజీవి ఫోన్ చేశాడు. తెరమీద అతనూ, భుజం మీదుగా తొంగి చూస్తూ అతని భార్యా కనిపించారు.

"అక్కా, అయిందా ఫొటో? మాసికం చాటింపు గూడ అయిపోయింది, వంటోళ్ళకు చెప్పిన. ఫ్రేము కట్టేటోడు కొలతలు అడుగుతున్నడు."

"అవ్వను అడుగురా."

"అవ్వా, నల్లగనే వచ్చిందా? చూపించు ఒకపారి."

తిరుమల్ ఒక బూటు చేతిలో పట్టుకుని అత్తగారివైపు చూశాడు. విజయరాణి ఫోన్‌ను తల్లి ముఖానికి ఎదురుగా పట్టుకుంది. గంగాబాయి రెండు కాగితాల్లో నల్లదాన్ని మడత పడకుండా చుట్టి పక్కన పెట్టింది. తెల్లదాన్ని ఎత్తి రొమ్ముకు ఆనించుకుంది. తెరలో ఆమె తెల్లతలా, దాని కింద ఆయన తెల్లతలా రెండూ పట్టాయి.

"ఇదేందత్తమ్మా, తెల్లగ..." అంటూ చిరంజీవి భార్య ఆగింది.

గంగాబాయి గొంతు పెంచలేదు.

"గోడకు గిది వెడ్తున్నం. మీ బాపు తల గిట్లనే ఉంటది, నా తల గిట్లనే ఉంటది. నేను నిర్ణయం జేసిన. కొలతలు మీ అక్క చెప్తది, రాసుకో."